వేడి ఆపి, డ్రమ్ము నింపి: కల్లూరు ఇంట్లో బట్టల ఉతుకుకు నీళ్లు, కరెంటు తగ్గించడం ఎలా?

గృహజ్యోతి వచ్చాక కల్లూరులో కరెంటు లెక్క మారిపోయింది. 2024 మార్చి నుంచి అర్హత ఉన్న తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. గీత దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. 210 యూనిట్లు కాలిందనుకోండి. మొదటి 200కు యూనిట్ రూ.5.10 చొప్పున 1,020, మిగతా పదికి రూ.7.70 చొప్పున 77, కలిపి 1,097 రూపాయలు. ఇతర చార్జీలు దీనికి అదనం. పది యూనిట్ల దగ్గర వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతాయన్నమాట.

ఎండాకాలంలో కూలర్ ఆపలేం, ఫ్రిజ్ ఎప్పుడూ ఆపలేం. ఎవరికీ ఇబ్బంది లేకుండా కోత పెట్టగల చోటు వాషింగ్ మెషీన్. అయితే ఎక్కడ కోస్తే ఎంత మిగులుతుందో తెలియాలి. చాలామంది సైకిల్ నిమిషాలు తగ్గించడంతో మొదలుపెడతారు. అందులో మిగిలేది అన్నిటికన్నా తక్కువ. ముందు వేడి, తర్వాత నీళ్లు, చివర నిమిషాలు. ఈ వరసలో వెళ్దాం.

దగ్గర ఉంచుకోవాల్సినవి: లీటర్ల గీతలున్న ఒక బకెట్, ఫోనులో గడియారం, బరువు తూచే కాటా ఏదైనా ఒకటి, మీ మెషీన్‌తో వచ్చిన పుస్తకం.

1. మీ మెషీన్‌లో హీటర్ ఉందో లేదో చూడండి

ముందు నుంచి తలుపు తెరిచే ఫ్రంట్ లోడ్ మెషీన్లలో దాదాపు అన్నిటికీ లోపల హీటర్ ఉంటుంది. పైనుంచి బట్టలు వేసే ఆటోమేటిక్ మెషీన్లలో కొన్నిటికే ఉంటుంది. రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్‌కు సాధారణంగా ఉండదు. మీటల దగ్గర 30, 40, 60 అని డిగ్రీలు కనిపిస్తే హీటర్ ఉన్నట్టే.

ఇది ముందే తెలుసుకోవడానికి కారణం ఉంది. నీళ్లు వేడెక్కడానికి ఎంత కరెంటు కావాలో ఇంట్లోనే లెక్క కట్టవచ్చు. ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు పెరగాలి అన్నవి రెండూ గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఫ్రంట్ లోడ్ మెషీన్ సబ్బు నీటి దశలో సుమారు 15 లీటర్లు తీసుకుంటుందనుకుందాం. ట్యాంకు నీళ్లు 28 డిగ్రీలున్నాయి, మీరు 60 పెట్టారు. పెరగాల్సింది 32 డిగ్రీలు. 15ను 32తో గుణించి 860తో భాగిస్తే 0.56. అంటే ఒక్క ఉతుకులో వేడికే అర యూనిట్ పైన పోయింది. 40 డిగ్రీలు పెడితే అదే లెక్కలో 0.21 యూనిట్. డ్రమ్ము తిప్పడానికి, నీళ్లు తోడి పోయడానికి, చివర పిండడానికి అన్నీ కలిపి 0.2 యూనిట్ ప్రాంతంలో సరిపోతాయి.

మీది హీటర్ లేని మెషీన్ అయితే కరెంటు మిగులు కొద్దిగానే ఉంటుంది. మీకు మిగిలేవి ముఖ్యంగా నీళ్లు. మీది సెమీ ఆటోమేటిక్ అయితే 2వ మెట్టులో సబ్బు పొడి సంగతి, 3వ మెట్టులో బరువు సంగతి చూసుకుని, నేరుగా 5వ మెట్టుకు వెళ్లవచ్చు.

2. చన్నీళ్లకు మార్చండి

డిగ్రీల మీటను ‘కోల్డ్’ మీద పెట్టండి. కొన్ని మెషీన్లలో మంచు గుర్తో, రెండు చిన్న గీతలో ఉంటాయి. ‘కాటన్’ ప్రోగ్రాం ఎంచుకోగానే చాలా మెషీన్లు వాటంతట అవే 40 గాని 60 గాని పెట్టేసుకుంటాయి. అందుకే ప్రోగ్రాం ముందు, డిగ్రీలు తర్వాత. ఈ వరస తప్పితే మీరు చన్నీళ్లే అనుకుంటారు, లోపల హీటర్ పనిచేస్తూనే ఉంటుంది. నీళ్లు నిండిన ఓ పావుగంటకు తలుపు అద్దం మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. గోరువెచ్చగా ఉంటే హీటర్ వేసినట్టే.

చన్నీళ్లతో మురికి వదులుతుందా అన్న అనుమానం చలి దేశాల నుంచి వచ్చింది. ఐరోపాలో చలికాలం కుళాయి నీళ్లు పది డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. అక్కడ మెషీన్‌లో హీటర్ లేకపోతే సబ్బు సరిగ్గా పనిచేయదు. ఖమ్మం జిల్లా సంగతి వేరు. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లతో స్నానం చేయడమే కష్టం. మనకు ‘కోల్డ్’ అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు వాళ్ల 30 డిగ్రీల ఉతుకుతో సమానం. సబ్బు పొడుల్లో మరకల్ని విడగొట్టే ఎంజైములు ఆ వేడిలో బాగానే పనిచేస్తాయి. డిసెంబరు, జనవరిలో మాత్రం తెల్లవారుజామున మెషీన్ వేయకండి. పది గంటల ఎండ ట్యాంకుకు తగిలాక వేస్తే నీళ్లు కొన్ని డిగ్రీలు ఊరికే పెరుగుతాయి, బట్టలు ఆరడానికి పొద్దు కూడా మిగులుతుంది.

చన్నీళ్లలో అసలు ఇబ్బంది సబ్బు పొడితో వస్తుంది. పొడి కరగక నల్ల ప్యాంట్ల మీద తెల్లటి చారలు మిగులుతాయి. ఒక చెంబు నీళ్లలో పొడిని ముందే కలిపి పోయండి, లేదా ద్రవరూపంలో దొరికేది వాడండి. బోరు నీళ్లయితే ఇంకో చిక్కు. అవి గట్టి నీళ్లో కాదో ఇలా చూడండి: పారదర్శకంగా ఉన్న సీసాలో సగం నీళ్లు పోసి, స్నానం సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా కుదపండి. నురగ నిలిస్తే మెత్తటి నీళ్లు. నురగ రాకుండా విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలితే గట్టి నీళ్లు. గట్టి నీళ్లలో బట్టల సబ్బు బిళ్ల పనికిరాదు, డిటర్జెంటే వాడాలి. అది కూడా ప్యాకెట్ మీద రాసినదానికంటే కొంచెం ఎక్కువ పడుతుంది. ఇంటికి మిషన్ భగీరథ నల్లా, బోరు రెండూ ఉంటే, ఇదే సీసా పరీక్ష రెండు నీళ్లకూ చేసి మెత్తటివి మెషీన్‌కు వాడుకోండి.

చన్నీళ్లకు మరక ముందే తడపాలి. రక్తం, పాలు, గుడ్డు మరకలు నిజానికి చన్నీళ్లలోనే బాగా పోతాయి, వేడి తగిలితే గట్టిపడి పట్టుకుంటాయి. నూనె, గ్రీజు వేరు. పామాయిల్ గెలలు మోసిన చొక్కా, ట్రాక్టర్ గ్రీజు అంటిన ప్యాంటు నేరుగా చన్నీళ్లలో వేస్తే మరక అలాగే ఉంటుంది. పొడిగా ఉండగానే గిన్నెలు తోమే సబ్బు రుద్ది, అరగంట ఆగి, తర్వాత మెషీన్‌లో వేయండి. పసుపు మరక చన్నీళ్లతో సగమే పోతుంది, మిగతా సగం ఎండ లాగేస్తుంది. తడి బట్టను మరక పైకి వచ్చేలా ఆరేస్తే చాలు.

3. డ్రమ్ము నింపండి, కూరకండి

మెషీన్ మీద 7 కిలోలని రాసి ఉంటే అది పొడి బట్టల బరువు, అదీ నూలు బట్టలకు. పాలియెస్టర్ చీరలు, షర్టుల ప్రోగ్రాంలో అదే మెషీన్ దాదాపు సగం బరువే మోస్తుంది. ‘క్విక్’ ప్రోగ్రాంలో ఇంకా తక్కువ, చాలా మెషీన్లలో రెండు కిలోలకు అటూ ఇటూ. మీ పుస్తకంలో ప్రోగ్రాం వారీగా బరువుల పట్టిక ఉంటుంది, ఒకసారి చూసి మెషీన్ పక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

మొదటి రెండు మూడు సార్లు బట్టలు తూచి వేయండి. తర్వాత కంటికే తెలుస్తుంది. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు వేశాక వాటికీ డ్రమ్ము పై అంచుకూ మధ్య అరచెయ్యి నిలువుగా దూరేంత ఖాళీ ఉండాలి. చెయ్యి దూరకపోతే ఎక్కువైనట్టు, మోచెయ్యి దాకా వెళ్తే ఇంకా బట్టలు పడతాయి. పైనుంచి వేసే మెషీన్‌లో వదులుగా వేసి, డ్రమ్ము అంచుకు కిందే ఆపండి. అదిమి తొక్కకూడదు.

నిండు లోడ్ ఎందుకు లాభమంటే, సగం బట్టలు వేస్తే సగం నీళ్లే పట్టవు. కొత్త ఫ్రంట్ లోడ్ మెషీన్లు బరువు చూసి నీళ్లు కొంత తగ్గిస్తాయి గాని సగానికి సగం తగ్గించవు. పాత టాప్ లోడ్‌లో నీటి మట్టం మనమే పెట్టాలి. ‘హై’ మీద వదిలేసి మూడు చొక్కాలు వేస్తే డ్రమ్ము నిండా నీళ్లు మూడు దఫాలు పోతాయి, ఉతకడానికి ఒకసారి, జాడించడానికి రెండుసార్లు.

కూరితే మాత్రం మిగిలినట్టే మిగిలి పోతుంది. బట్టలు తిరగడానికి చోటు లేక లోపలివి తడిసి ఊరుకుంటాయి. ఉతికాక మధ్యలో ఉన్న బట్ట మడతలో సబ్బు జిడ్డుగా తగిలినా, చొక్కా కాలరు మురికి అలాగే ఉన్నా కూరారని అర్థం. అవి మళ్లీ వేయాల్సి వస్తుంది, అప్పుడు ఖర్చు రెండింతలు.

ఇంట్లో రోజుకు మూడు కిలోలు పోగవుతుంటే రోజు విడిచి రోజు వేయండి. ఆ మధ్య చెమట బట్టలు బుట్టలో ముద్దగా పడేయకండి, వానాకాలం నల్లటి బూజు చుక్కలు వస్తాయి. దండెం మీద వేసి, ఆరాక బుట్టలో వేయండి.

4. సైకిల్ తగ్గించేది నీళ్లు చూసి, నిమిషాలు చూసి కాదు

‘ఎకో’ ప్రోగ్రాం రెండున్నర గంటలు చూపిస్తుంది, ‘క్విక్’ పావుగంటో అరగంటో చూపిస్తుంది. చూడగానే క్విక్‌లోనే కరెంటు మిగులుతుందనిపిస్తుంది. ఎకో నీళ్లను తక్కువ వేడి చేసి, దానికి బదులు ఎక్కువసేపు నానబెట్టి తిప్పుతుంది. తిప్పడానికి అయ్యే కరెంటు వేడికంటే చాలా తక్కువ కాబట్టి, వేడి నీళ్లతోనే ఉతకాలన్నప్పుడు ఎకోయే చవక.

చన్నీళ్లకు మారిపోయాక ఈ పోలిక మారుతుంది. వేడి లేదు కాబట్టి రెండున్నర గంటల అవసరం మామూలు బట్టలకు లేదు. బడి యూనిఫారాలు, ఇంట్లో కట్టిన చీరలు, లుంగీలు, తువ్వాళ్లు 40 నుంచి 60 నిమిషాల ప్రోగ్రాంలో శుభ్రపడతాయి. చెమట తప్ప మురికి లేని రెండు కిలోల బట్టలకు క్విక్ చాలు. ఏడు కిలోలను మూడు క్విక్‌లుగా విడగొట్టడం మాత్రం దండగ. ఒక్కో క్విక్‌కూ నీళ్లు విడిగా నిండుతాయి, విడిగా జాడింపు ఉంటుంది.

నిమిషాలకంటే జాడింపుల సంఖ్య చూడండి. ‘ఎక్స్‌ట్రా రిన్స్’ మీట ఎప్పుడో నొక్కి మర్చిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. అది తీసేస్తే ఒక దఫా నీళ్లు మిగులుతాయి. తీసేయగానే బట్టల్లో సబ్బు మిగిలిపోతే, తప్పు జాడింపుది కాదు, పొడిది. కొలత చెంచా పావు వంతు తగ్గించి మళ్లీ చూడండి. నురగ ఎక్కువైతే కొన్ని మెషీన్లు తమంతట తామే ఇంకోసారి నీళ్లు పట్టి జాడిస్తాయి. 45 నిమిషాలని చూపించిన సైకిల్ గంట దాటుతుంటే, తలుపు అద్దం నిండా నురగ కనిపిస్తుంటే, జరుగుతున్నది అదే.

5. సెమీ ఆటోమేటిక్ వాళ్లకు: పైపు కట్టేసి జాడించండి

రెండు టబ్బుల మెషీన్‌లో నీళ్లు ఎక్కువ పోయేది ఉతికేటప్పుడు కాదు, పైపు వదిలేసి జాడించేటప్పుడు. మీ పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి పది లీటర్లు. పది నిమిషాలు పొర్లిస్తూ జాడిస్తే వంద లీటర్లు మురుగ్గుంటలోకి వెళ్లినట్టు.

దానికి బదులు ఈ వరసలో చేయండి.

మొదట తెల్ల బట్టలు, అవి తీశాక అదే సబ్బు నీళ్లలో లేత రంగులు, చివర పొలం ప్యాంట్లు, ముదురు రంగులు. రెండో, మూడో దఫాకు సబ్బు పొడి మొదటిదాంట్లో సగం కలిపితే చాలు. నీళ్లు మరీ నల్లబడితే అక్కడితో ఆపేయండి. రంగు కారే కొత్త బట్ట దేన్నీ ఈ వరసలో కలపకండి.

ఉతికిన బట్టల్ని నేరుగా జాడించకుండా, డ్రయ్యర్ టబ్బులో రెండు నిమిషాలు తిప్పండి. బట్ట పట్టుకున్న సబ్బు నీళ్లు చాలావరకు అప్పుడే బయటికి పోతాయి. ఈ ఒక్క పని వల్ల ఒక జాడింపు తగ్గుతుంది.

తర్వాత టబ్బులో గీత వరకు మంచి నీళ్లు పట్టి, పైపు కట్టేసి, మూడు నిమిషాలు తిప్పి జాడించండి. మళ్లీ డ్రయ్యర్, మళ్లీ ఇంకోసారి నిలవ నీళ్లలో జాడింపు. రెండో జాడింపు నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. వాటిని పారబోయకుండా బకెట్లలో పట్టి, తర్వాతి లోడ్ ఉతకడానికి పోయండి, లేదా వాకిలి కడగండి.

నీళ్లు మిగిలితే కొంత కరెంటూ మిగులుతుంది. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు 40 నిమిషాల్లో నిండితే వెయ్యి లీటర్లకు 0.67 యూనిట్. రోజూ వంద లీటర్లు మిగిల్చినా నెలకు రెండు యూనిట్లే. వేసవిలో బోరు దిగిపోయి మోటారు ఆగి ఆగి పోస్తున్నప్పుడు మాత్రం ఆ వంద లీటర్ల విలువ యూనిట్లలో చెప్పలేం.

6. ఆరేయడంలో పోగొట్టుకోకండి

ఎండ ఉన్నన్నాళ్లూ ఈ మెట్టు అక్కర్లేదు. జులై, ఆగస్టు ముసురులోనే ఉతుకులో మిగిల్చింది గదిలో పోతుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. బట్టల కోసమని రాత్రి ఎనిమిది గంటలు వేస్తే 0.6 యూనిట్. అంటే 60 డిగ్రీల వేడి ఉతుకులో హీటర్ తిన్నంత.

దానికంటే మెషీన్‌తో ఇంకోసారి పిండించడం చవక. సెమీ ఆటోమేటిక్ డ్రయ్యర్ మోటారు ఐదు నిమిషాలు తిరిగినా యూనిట్‌లో యాభయ్యో వంతు కాలదు. ఫ్రంట్ లోడ్‌లో వానాకాలం స్పిన్ వేగం పెంచండి, ఎండాకాలం తగ్గించండి. పిండాక బట్టను విదిలించి, వరండాలో గాలి తగిలేచోట ఒక్కోదానికీ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలి ఆరేయండి. పడుకునే గదిలో ఎలాగూ తిరిగే ఫ్యాను కిందే ఒక దండెం కడితే బట్టలకోసం వేరే ఫ్యాను అక్కర్లేదు.

వేడి నీళ్లు మానకూడని చోటు

కల్లూరు చుట్టూ పత్తి, మిరప వేసే ఇళ్లకు ఇది తప్పనిసరిగా తెలియాలి. పురుగుమందు కొట్టిన రోజు వేసుకున్న బట్టలకు చన్నీళ్లు, నిండు లోడ్, చిన్న సైకిల్ మూడూ పనికిరావు. మందు బట్టలోంచి వదలడానికి వేడి కావాలి, నీళ్లు ఎక్కువ కావాలి, బట్టలు తక్కువ ఉండాలి.

ఆ బట్టలు అదే రోజు, ఇంట్లో మిగతావాళ్ల బట్టలతో కలపకుండా ఉతకండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. ముందు ఆరుబయట బకెట్‌లో ఒకసారి తడిపి, ఆ నీళ్లు బావికి, చెరువుకు, కాలువకు దూరంగా పోయండి. కూరగాయల మడికి పోయకండి. తర్వాత మెషీన్‌లో ఒకటి రెండు జతలే వేసి, 60 డిగ్రీలు, నీటి మట్టం గరిష్ఠంగా, పూర్తి సైకిల్ పెట్టండి. హీటర్ లేకపోతే నీళ్లు కాచి వేరే బకెట్‌లో ఉతకడం మేలు. బట్టలు తీశాక ఖాళీ మెషీన్‌ను సబ్బు, వేడి నీళ్లతో ఒకసారి తిప్పి, ఆ తర్వాతే పిల్లల బట్టలు వేయండి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి బట్ట తడిసిపోతే దాన్ని ఉతకవద్దు, పారేయండి. మిరపకాయలు ఏరిన బట్టలకు ఇంత అక్కర్లేదు, బయట బాగా దులిపి విడిగా వేస్తే ఘాటు మిగతా బట్టలకు అంటదు.

వాంతులు, విరేచనాలతో ఉన్నవాళ్ల పక్కబట్టలకు కూడా 60 డిగ్రీలే పెట్టండి. మెషీన్‌కు కూడా నెలకోసారి ఖాళీగా ఒక వేడి సైకిల్ కావాలి. ఎప్పుడూ చన్నీళ్లే వాడితే డ్రమ్ము వెనక సబ్బు జిగురు పేరుకుని, ఉతికిన బట్టలే ముక్క వాసన వేస్తాయి. ఉతికాక తలుపు కొంచెం తెరిచి ఉంచితే ఆ వాసన ఆలస్యంగా వస్తుంది. నెలకు ఆ ఒక్కసారికి ఖర్చయ్యేది యూనిట్ లోపే.

ఒక ఇంటి లెక్క

నలుగురున్న ఇల్లు, 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్ అనుకుందాం. రోజూ మూడు కిలోలు, కాటన్ ప్రోగ్రాం, 60 డిగ్రీలు. వేడికి 0.56, తిప్పడానికి 0.2 కలిపి ఒక్కో ఉతుకుకు 0.76 యూనిట్. ముప్పై రోజులకు సుమారు 23 యూనిట్లు. ఒక్కో ఉతుకుకు 45 లీటర్లు పడితే నెలకు 1,350 లీటర్లు.

ఇప్పుడు రోజు విడిచి రోజు ఆరు కిలోలు, చన్నీళ్లు, గంట సైకిల్. ఉతుకుకు 0.25 యూనిట్, నెలకు పదిహేను ఉతుకులు, మొత్తం నాలుగు యూనిట్ల లోపు. నెలకోసారి వేడి సైకిల్ కలిపినా ఐదు దాటదు. ఒక్కో ఉతుకుకు 60 లీటర్లు పట్టినా నెలకు 900 లీటర్లే. అంటే 18 యూనిట్లు, 450 లీటర్లు మిగిలాయి. మొదట్లో చెప్పిన 210 యూనిట్ల ఇల్లు ఇదే అయితే 192 దగ్గర ఆగుతుంది, బిల్లు సున్నా.

అదే ఇంట్లో సెమీ ఆటోమేటిక్ ఉంటే యూనిట్లు రెండు మూడుకు మించి తగ్గవు. 210లో ఉన్నవాళ్లు మిగతా ఎనిమిదిని ఫ్యాన్లలోనో, గీజరులోనో వెతుక్కోవాలి.

మీ ఇంట్లో ఎంత తగ్గిందో చూసుకోవడం

పై అంకెలు లెక్క కోసం వేసినవి, మీ మెషీన్‌వి వేరుగా ఉంటాయి. తెలుసుకోవడానికి మీటరే చాలు. ఎలక్ట్రానిక్ మీటరు మీద యూనిట్‌కు ఎన్నిసార్లు ఎర్ర దీపం మెరుస్తుందో అంకె రాసి ఉంటుంది, 3200 అనో 1600 అనో. ఫ్రిజ్‌తో సహా మిగతావన్నీ ఒక గంట ఆపి, మెషీన్ ఒక్కటే వేయండి. 3200 మీటరులో నిమిషానికి పది సార్లు మెరిస్తే గంటకు 600, అంటే 0.19 యూనిట్. నిమిషానికి వంద దాటితే హీటర్ వేసిందని చూడకుండానే చెప్పవచ్చు. ఒకసారి పాత పద్ధతిలో, ఇంకోసారి కొత్త పద్ధతిలో కొలిచి, తేడాను నెలలోని ఉతుకులతో గుణించండి. అదే మీ ఇంటి అంకె. అది బిల్లులోనూ కనపడాలంటే, రీడింగ్ తీసే మనిషి వచ్చిన రోజు నుంచే కొత్త పద్ధతి మొదలుపెట్టండి.